ఇద్దరి పేరు మీద హోమ్ లోన్: ట్యాక్స్ లెక్క వేరు, బాకీ లెక్క వేరు

హన్మకొండలో నేను ఏటా జూన్, జూలైలో తెలిసినవాళ్లకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు నింపిపెడుతుంటాను. ఎక్కువమంది టీచర్లు, కొందరు ప్రైవేటు ఉద్యోగులు. ఈసారి నయీంనగర్ నుంచి ఒక జంట వచ్చారు. ఆమె గవర్నమెంట్ టీచర్, జీతం ఏడాదికి 11 లక్షలు. ఆయనది ప్రైవేటు కంపెనీ, 14 లక్షలు. 65 లక్షల ఇంటికి 50 లక్షలు లోన్ అడిగారు. బ్యాంకులో కూర్చోబెట్టి ఒకతను చెప్పాడట: "ఇద్దరి పేర్లూ పెట్టండి సార్, చెరో 2 లక్షల వడ్డీకి మినహాయింపు, మొత్తం 4 లక్షలు, 30 శాతం లెక్కన ఏడాదికి లక్షా ఇరవై వేలు మిగులుతుంది." ఆమె నన్ను అడిగింది ఒకటే: "అన్నా, అది నిజమేనా? నిజం కాకపోతే నా పేరెందుకు?"

రెండు ప్రశ్నలూ సరైనవే. ముందు రెండోదానికి కావలసిన కొలతలు చెప్తాను, ఎందుకంటే ట్యాక్స్ ఒక్కటే చూసి సంతకం పెట్టినవాళ్లే తర్వాత తిప్పలు పడుతున్నారు.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది, ఇల్లు ఎవరి పేరున రిజిస్టర్ అవుతోంది. లోన్ కాగితాలు, ఇంటి కాగితాలు రెండూ వేర్వేరు. బ్యాంకు వాళ్లు సాధారణంగా ఇంట్లో వాటా ఉన్న ప్రతివాళ్లనీ లోన్‌లోకి రమ్మంటారు, కానీ లోన్‌లో ఉన్న ప్రతివాళ్లకీ ఇంట్లో వాటా ఉండాలని అనరు. సగం గొడవలు ఈ తేడాలోంచే పుడతాయి.

రెండోది, ఒక్కరి జీతం మీద లోన్ వస్తుందా రాదా. బ్యాంకులు మామూలుగా అన్ని ఈఎంఐలూ కలిపి చేతికొచ్చే జీతంలో సగం దాటకుండా చూసుకుంటాయి. 50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 43,400. ఈ జంటలో భర్తకు చేతికి 95 వేల దాకా వస్తాయి కాబట్టి ఒక్కడికే వచ్చేదే, కానీ కారు లోన్ 12 వేలు నడుస్తోంది. రెండూ కలిపితే సగం దాటిపోయింది, అందుకే భార్య జీతం అవసరమైంది. అసలు కారణం ఇది, ట్యాక్స్ కాదు. వయసు కూడా చూస్తారు. తెలంగాణలో గవర్నమెంట్ ఉద్యోగికి రిటైర్‌మెంట్ 61 ఏళ్లకు, అందుకని 41 దాటినవాళ్లకు ఇరవై ఏళ్ల గడువు దొరకడం కష్టమవుతుంది. చిన్న వయసున్న భార్యో భర్తో పక్కన ఉంటే ఆ లెక్క కొంత సర్దుకుంటుంది.

మూడోది ట్యాక్స్. నాలుగోది, రేపు ఏదైనా అయితే బాకీ ఎవరి మెడకు పడుతుంది. ఈ రెండింటి మీదే ఎక్కువ మాట్లాడతాను.

ట్యాక్స్ మినహాయింపుకి మూడు షరతులు, మూడూ ఉండాలి

ఇంట్లో వాటా ఉండాలి, లోన్‌లో పేరు ఉండాలి, డబ్బు మీరు కట్టాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మినహాయింపు రాదు. మూడూ ఉంటే, సొంతంగా ఉండే ఇంటికి వడ్డీ మీద 24(బి) కింద ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల దాకా, అసలు మీద 80సి కింద ఒక్కొక్కరికి లక్షన్నర దాకా వస్తుంది. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లోన్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి ఐదేళ్లలోపు కట్టడం పూర్తి కాకపోతే 2 లక్షల పరిమితి 30 వేలకు పడిపోతుంది. (2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు వేరు, కానీ జనం నోట్లో ఇంకా ఇవే ఉన్నాయి కాబట్టి నేనూ ఇవే రాస్తున్నాను.)

80సి సంగతి త్వరగా తేల్చేద్దాం. ఈ టీచరమ్మకు సీపీఎస్ పెన్షన్ కోత, ఎల్ఐసీ, పాప పేరున సుకన్య సమృద్ధి అన్నీ కలిపితే లక్షన్నర ఎప్పుడో నిండిపోయింది. ఇక లోన్ అసలు ఎంత కట్టినా అక్కడ చోటు లేదు. చాలామంది ఉద్యోగులది ఇదే పరిస్థితి. కాబట్టి మిగిలింది వడ్డీ.

మొదటి ఏడాది ఈ లోన్‌కి వడ్డీ సుమారు 4 లక్షల 21 వేలు, అసలు లక్షకు కొంచెం తక్కువ. ఒక్కరే యజమాని అయితే 2 లక్షల దగ్గర ఆగిపోతుంది, మిగతా 2 లక్షల 21 వేలు గాల్లో పోయినట్టే. చెరి సగం అయితే చెరో 2.10 లక్షలు, ఇద్దరికీ 2 లక్షల చొప్పున 4 లక్షలు. 70-30 అయితే ఒకరికి 2 లక్షలు, ఇంకొకరికి 1.26 లక్షలు. ఇంతవరకు ఆ బ్యాంకు మనిషి చెప్పింది కాగితం మీద నిజమే.

అతను చెప్పనిది ఒకటుంది. ఈ మినహాయింపులు పాత ట్యాక్స్ పద్ధతిలోనే. కొత్త పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఒక్క రూపాయి మినహాయింపు లేదు, 80సి కూడా లేదు. ఇప్పుడు మామూలుగా వర్తించేది కొత్త పద్ధతే, పాతది కావాలంటే మనమే ఎంచుకోవాలి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. జీతం ఉన్నవాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కూడా కలిపితే 12.75 లక్షల దాకా లేనట్టే.

ఇప్పుడు ఈ జంటకు వేసి చూద్దాం.

| 2025-26 | కొత్త పద్ధతిలో పన్ను | పాత పద్ధతిలో, 2 లక్షల వడ్డీ, లక్షన్నర 80సి తీసేశాక |
|---|---|---|
| భార్య, జీతం 11 లక్షలు | 0 | 54,600 |
| భర్త, జీతం 14 లక్షలు | 81,900 | 1,17,000 |

ఆమెకు కొత్త పద్ధతిలో పన్నే లేదు. లోన్ మినహాయింపు "వాడుకోవాలని" పాత పద్ధతికి వెళ్తే ఏటా 54,600 చేతి నుంచి పోతుంది. భర్తకు కూడా కొత్తదే 35,100 తక్కువ. అంటే ఇద్దరి పేర్లు పెట్టినా, ఒక్కరి పేరు పెట్టినా, ఈ ఇంట్లో హోమ్ లోన్ వల్ల వచ్చే ట్యాక్స్ లాభం సున్నా. లక్షా ఇరవై వేలు అన్నది ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు, పాత రోజుల్లో అందరికీ అలా చెప్పేవాళ్లం, నేనూ చెప్పాను.

మీ జీతానికి వేసి చూడాలనుకుంటే భార్యాభర్తలు ఇద్దరికీ విడివిడిగా వేయండి. ఒకరు పాతది, ఇంకొకరు కొత్తది పెట్టుకోవచ్చు, అడ్డు లేదు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ప్రతి ఏడాదీ మార్చుకోవచ్చు కూడా, గడువులోపు రిటర్న్ వేస్తే చాలు.

అయితే ఎవరికి పనికొస్తుంది

హైదరాబాద్‌లో అద్దెకుంటూ, హన్మకొండలో ఇల్లు కొని అమ్మానాన్నలను ఉంచినవాళ్లకు. మా చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, శనివారం రాత్రి కారు వస్తుంది, సోమవారం తెల్లారకముందే పోతుంది. వీళ్లకు ఒకపక్క హెచ్ఆర్ఏ, ఇంకోపక్క ఈ ఇంటి వడ్డీ, రెండూ పాత పద్ధతిలో కలిసివస్తాయి.

16 లక్షల జీతం, హెచ్ఆర్ఏ మినహాయింపు 3 లక్షలు, 80సి లక్షన్నర, వడ్డీ 2 లక్షలు, హెల్త్ పాలసీ 25 వేలు, ఎన్‌పీఎస్ 25 వేలు, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు. అన్నీ తీసేస్తే 8.5 లక్షలు మిగులుతుంది, పన్ను 85,800. కొత్త పద్ధతిలో అదే మనిషికి 1,13,100. ఇక్కడ పాతది 27,300 లాభం. గమనించండి, ఆ 2 లక్షల వడ్డీ లేకపోతే పాత పద్ధతిలో 1,32,600 అయ్యేది, అంటే మళ్లీ కొత్తదే నయం అయ్యేది. కాబట్టి ఇక్కడ లోన్ నిజంగా పని చేస్తోంది.

ఇలాంటి జంటలో హెచ్ఆర్ఏ ఎవరు తీసుకుంటున్నారో వాళ్లకే ఇంట్లో సగమైనా వాటా ఉండాలి. 30 శాతమే ఉంటే వడ్డీ 1.26 లక్షలకు ఆగిపోతుంది, లాభమూ కరిగిపోతుంది. అదే జీతం ఉండి అద్దె కట్టని రెండోవాళ్లకు కొత్త పద్ధతే తక్కువ, వాళ్ల వాటా వడ్డీ ఉత్తగానే పోతుంది. పోనివ్వండి.

ఇంకో రకం, మన దగ్గర ఎక్కువ కనబడేది: కింద మనం, పైన అద్దెకు. అద్దెకిచ్చిన భాగానికి కొత్త పద్ధతిలో కూడా వడ్డీ తీసేసుకోవచ్చు, కానీ ఆ అద్దె వరకే. నష్టం మిగిలితే జీతంలోంచి తగ్గించుకోలేరు. పై అంతస్తు 12 వేల అద్దె అనుకోండి, ఏడాదికి 1.44 లక్షలు, అందులో 30 శాతం మరమ్మతుల కింద చట్టమే తీసేస్తుంది, 1,00,800 మిగులుతుంది. పై భాగానికి వచ్చే వడ్డీ 2.10 లక్షలు కాబట్టి అద్దె మొత్తం పన్ను లేకుండా అయిపోతుంది. ఇది ఒక్కరి పేరున్నా అంతే, ఇద్దరి పేరున్నా అంతే. తేడా పది పన్నెండేళ్ల తర్వాత తెలుస్తుంది. వడ్డీ తగ్గి అద్దె పెరిగినప్పుడు, సగం అద్దె భార్య లెక్కలోకి పోతే ఆమె ఆదాయం పన్ను లేని హద్దులో ఉండొచ్చు. ఆ హద్దు అప్పటికి ఎంతుంటుందో ఎవరు చూశారు.

ఇక బాకీ లెక్క

లోన్ అగ్రిమెంట్‌లో ఒక ముక్క ఉంటుంది, "సంయుక్తంగానూ విడివిడిగానూ బాధ్యులు" అని అర్థం వచ్చే వాక్యం. ముప్పై నలభై పేజీల మధ్యలో ఉంటుంది, ఎవరూ చదవరు. దాని అర్థం ఏమిటంటే బ్యాంకు 50 లక్షలూ భర్త దగ్గరే అడగొచ్చు, 50 లక్షలూ భార్య దగ్గరే అడగొచ్చు. "నా వాటా 30 శాతమే, నా 15 లక్షలు నేను కట్టేస్తా, నన్ను వదిలేయండి" అనే మాట అక్కడ చెల్లదు. సేల్ డీడ్‌లో రాసుకున్న వాటాలు ఇంటికి, ట్యాక్స్‌కి మాత్రమే. బ్యాంకుకు వాటాలు లేవు.

ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడుతుంది. 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, తర్వాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇద్దరి పేరునా వస్తుంది, అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకునే దారి తెరుచుకుంటుంది.

మా దూరపు చుట్టాల్లో ఒకామె సంగతి చెప్తాను. పెళ్లయిన కొత్తలో భర్త ఫ్లాట్ లోన్‌కి "ఊరికే సంతకం" అంటే పెట్టింది. ఫ్లాట్ అతని ఒక్కడి పేరునే. నాలుగేళ్లకు ఇద్దరికీ పడలేదు, పుట్టింటికి వచ్చేసింది. తర్వాత స్కూటీకి లోన్ కోసం వెళ్తే, స్క్రీన్ మీద ఆ హోమ్ లోన్ రిపోర్టు తెరిచి చూపించారు. గత ఎనిమిది నెలల్లో మూడు ఈఎంఐలు ఆలస్యం, ఆమె పేరు మీద కూడా. ఆ ఇంటి తాళం చెవి కూడా ఆమె దగ్గర లేదు. బ్యాంకుకు వెళ్లి పేరు తీసేయమంటే, ఇద్దరూ సంతకం పెట్టి అడగాలి, మిగిలిన ఒక్కడి జీతం ఆ లోన్‌కి సరిపోవాలి అన్నారు. అతని జీతం సరిపోదు, అందుకే కదా ఈమె సంతకం తీసుకున్నది. విడాకుల కాగితం ఉన్నా బ్యాంకుతో చేసుకున్న అగ్రిమెంట్ అలాగే ఉంటుంది. లోన్ మొత్తం తీర్చేయడమో, అతను ఒక్కడి పేరున వేరే బ్యాంకుకి మార్చుకోవడమో తప్ప దారి లేదు.

నేను ఎవరికైనా గట్టిగా వద్దనే పద్ధతి ఇదొక్కటే: ఇంట్లో వాటా లేకుండా లోన్‌లో పేరు. ట్యాక్స్ రాదు, ఇల్లు రాదు, బాకీ మాత్రం నిండా వస్తుంది. హామీదారుగా పెట్టడం కూడా బాకీ విషయంలో దీనికి పెద్ద తేడా ఏం లేదు, చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమే.

నాలుగు పద్ధతులూ పక్కపక్కన

| పద్ధతి | ఇల్లు | ట్యాక్స్ | బాకీ |
|---|---|---|---|
| లోన్, ఇల్లు ఒక్కరి పేరునే | ఒక్కరిది | ఒక్కరికే, వడ్డీ 2 లక్షల దాకా | ఒక్కరిది |
| లోన్ ఇద్దరిది, ఇల్లు ఒక్కరిది | ఒక్కరిది | వాటా ఉన్నవాళ్లకే | ఇద్దరిదీ, పూర్తిగా |
| లోన్, ఇల్లు ఇద్దరివీ, చెరి సగం | ఇద్దరిదీ | ఇద్దరికీ, చెరో 2 లక్షల దాకా | ఇద్దరిదీ, పూర్తిగా |
| లోన్, ఇల్లు ఇద్దరివీ, జీతాన్ని బట్టి వాటా | వాటా ప్రకారం | వాటా ప్రకారం | ఇద్దరిదీ, పూర్తిగా |

చివరి గడి నిలువునా చదవండి. వాటా 50 అయినా 30 అయినా 10 అయినా అక్కడ మాట మారలేదు.

రెండో పద్ధతి తలకిందులుగా కూడా ఉంటుంది, అది మన వైపు ఎక్కువ. పెళ్లిలో పసుపు కుంకుమ కింద అత్తగారు రెండు వందల గజాల జాగ ఇస్తారు, అది అమ్మాయి పేరున ఉంటుంది. దాని మీద అల్లుడు లోన్ తీసుకుని ఇల్లు కడతాడు, ఈఎంఐ మొత్తం అతనే కడతాడు, ఆఫీసులో వడ్డీ మినహాయింపు చూపిస్తాడు. కానీ జాగలో అతనికి వాటా లేదు. రిటర్న్‌లో అది చెల్లదని తేలితే వెనక్కి కట్టాల్సి వస్తుంది. కొందరు "భార్య చేత సగం గిఫ్ట్ డీడ్ రాయించుకోండి" అంటారు. రిజిస్ట్రీ ఖర్చు ఉంటుంది, అదొక్కటే కాదు, ఇంటిని సరైన ప్రతిఫలం లేకుండా భర్తకో భార్యకో రాసిస్తే ట్యాక్స్ చట్టం ఆ ఇంటికి ఇచ్చినవాళ్లనే యజమానిగా చూస్తుంది. అంటే కాగితం మీద అతనిది, ట్యాక్స్ లెక్కలో ఆమెది. గిఫ్ట్ రాయించే ముందు సీఏ దగ్గర ఒక గంట కూర్చోవడం చవక. పైన చెప్పినట్టు కొత్త పద్ధతిలో మినహాయింపే అక్కర్లేకపోతే అసలు గిఫ్ట్ తలనొప్పే అవసరం లేదు. కానీ ఆయన ఇరవై ఏళ్లు కట్టే ఇంట్లో ఆయనకు హక్కు ఉండాలా లేదా అన్నది వేరే మాట, అది అత్తారింటితో మాట్లాడుకోవాల్సిందే, నా దగ్గర దానికి ఫార్ములా లేదు.

ఎవరికి ఏది

భార్య ఇంట్లో ఉండి సంపాదన లేనివాళ్లయితే, ఇంట్లో ఆమెకు వాటా పెట్టండి, మంచిదే. కొన్ని బ్యాంకులు ఆడవాళ్ల పేరు ముందుంటే వడ్డీ 0.05 శాతం తగ్గిస్తాయి, 50 లక్షల మీద మొదట్లో ఏడాదికి రెండున్నర వేలు. ట్యాక్స్‌లో మాత్రం ఆమె వాటా వల్ల వచ్చేదేమీ లేదు, కట్టేది భర్త డబ్బే కదా. పైగా ఆ ఇల్లు అద్దెకిస్తే, భర్త డబ్బుతో కొన్న ఆమె వాటా అద్దె కూడా భర్త ఆదాయంలోనే కలుపుతారు. "సగం అద్దె మా ఆవిడ పేరున చూపిస్తా" అనేవాళ్లకు ఇది అడ్డం పడుతుంది.

ఇద్దరూ సంపాదిస్తూ ఒకరి జీతం మీదే లోన్ వచ్చేటట్టుంటే, నా మాట కొంచెం వింతగా ఉండొచ్చు: ఇల్లు ఇద్దరి పేరున పెట్టుకోవాలంటే బ్యాంకు ఎలాగూ ఇద్దరినీ లోన్‌లోకి లాగుతుంది, సరే. కానీ రెండోవాళ్లకు మూడు నాలుగేళ్లలో వేరే పెద్ద లోన్ అవసరం ఉంటే, ఉదాహరణకు అమ్మగారి ఊళ్లో ఇల్లు బాగుచేయించాలి, పిల్లవాడి చదువు, అప్పుడు ఆలోచించండి. ఎందుకంటే 43,400 ఈఎంఐలో ఆమె కట్టేది 13 వేలే అయినా, కొత్త బ్యాంకు ఆమె ఖాతాలో మొత్తం 43,400 లెక్కవేసే అవకాశం ఎక్కువ.

ఇద్దరి జీతం కలిస్తేనే లోన్ వచ్చేవాళ్లకు ఎంపిక తక్కువ. జాయింట్ తప్పదు. వీళ్లు చూసుకోవాల్సింది వాటా, ఇన్సూరెన్స్.

వాటా గురించి: సేల్ డీడ్‌లో శాతం రాయించండి. రాయకపోతే తర్వాత ఎవరు ఎంత పెట్టారో రుజువు చేయాల్సి వస్తుంది, రుజువు దొరక్కపోతే చెరి సగం అనుకుంటారు. వడ్డీ మినహాయింపు చూపించేవాళ్లు ఆ శాతం ప్రకారమే డబ్బు కట్టినట్టు కనపడాలి. ఈఎంఐ ఒక అకౌంట్ నుంచే పోతుంది కాబట్టి, రెండోవాళ్లు ప్రతి నెలా తమ వాటా ఆ అకౌంట్‌లోకి పంపితే సరిపోతుంది. చేతికి ఇచ్చి "ఇంటి ఖర్చుకు ఇచ్చాను" అంటే అది జాడ కాదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌లో మొత్తం అంకె ఒకటే ఉంటుంది, ఇద్దరూ అదే మొత్తం చూపించిన రిటర్న్‌లు నేను సరిదిద్దాను, ఒక్కసారి కాదు.

ఇన్సూరెన్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకరు పోతే మిగిలినవాళ్ల మీద లోన్ మొత్తం ఉంటుంది. ఇల్లు మాత్రం మొత్తం రాదు. మన దగ్గర ఇద్దరి పేరున్న ఇల్లు ఒకరు పోగానే రెండోవాళ్లకు దానంతట అదే పోదు. భర్త వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని సగంలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటాలు. ఇద్దరు పిల్లలుంటే ఆ సగం నాలుగు భాగాలు. అంటే ఆమెకు తన సగం, పైన ఎనిమిదో వంతు, ఇంతే. బాకీ మాత్రం నూటికి నూరు. అత్తగారు మంచావిడే కావచ్చు, ఆమె తర్వాత ఆమె వాటా ఎవరికి వెళ్తుందో కూడా చూసుకోవాలి. ఒక చిన్న వీలునామా ఈ చిక్కు తీరుస్తుంది.

లోన్‌తో పాటు బ్యాంకులో అంటగట్టే పాలసీ ఉంటుంది కదా, ఒకేసారి ప్రీమియం తీసుకుని దాన్ని కూడా లోన్‌లోనే కలిపేస్తారు, దాని సర్టిఫికెట్ తెరిచి ఎవరి పేరు ఉందో చూడండి. నేను చూసిన వాటిలో చాలాసార్లు మొదటి అప్లికెంట్ పేరు ఒక్కటే ఉంది. ఈ నయీంనగర్ జంటది కూడా అంతే, భర్త పేరు మాత్రమే, అది కూడా 25 లక్షలకే. ఆమె పోతే ఒక్క రూపాయి రాదు, కారు ఈఎంఐ కూడా కడుతున్న ఆయనకు మొత్తం 55 వేలు నెలనెలా. నేను చెప్పింది, ఆ పాలసీ మానేసి ఇద్దరూ విడివిడిగా 50 లక్షలకు తక్కువ కాకుండా టర్మ్ పాలసీ తీసుకోండని. వాటాకి కాదు, మొత్తం లోన్‌కి, ఎందుకంటే బ్యాంకు అడిగేది మొత్తమే.

చివరికి వాళ్లు చెరి సగం పెట్టుకున్నారు. ట్యాక్స్ కోసం కాదు, "నా జీతం లేకుండా ఈ లోన్ రాలేదు, బాకీ మొత్తం నా మీద ఉన్నప్పుడు ఇల్లు సగమైనా నాది ఉండాలి" అని ఆమె తేల్చేసింది. రిజిస్ట్రీ రోజు డాక్యుమెంట్ రైటర్ దగ్గర డ్రాఫ్ట్ చదివితే పేర్లు ఉన్నాయి, శాతం లేదు. "భార్యాభర్తలకు అది ఎవరూ రాయించుకోరమ్మా" అన్నాడట ఆయన. ఆమె టీచర్ కదా, ఎర్ర పెన్ను తీసి ఆ లైను పక్కన "చెరి 50 శాతం" అని రాసి మళ్లీ టైపు చేయమని వెనక్కిచ్చింది.